టీవీలో వీడియో కాల్ ఎలా చేయాలి: డాలస్‌లో ఉన్న నాయనమ్మకు మనవడి ఉత్తరం

నాయనమ్మకు,

ప్రతి ఆదివారం నువ్వు అడిగేది ఇదే. అత్త పెట్టి ఇస్తే మేమంతా టీవీలో నిండుగా కనిపిస్తున్నాం, అత్తా మామయ్యా ఆఫీసుకు వెళ్లాక మాత్రం నీకు నువ్వుగా పెట్టుకోవడం రావడం లేదు. ఫోన్‌లో "ఆ గుండ్రటిది నొక్కు, ఇప్పుడు పక్కకు వెళ్లు" అని ఎంత చెప్పినా కుదరదు. ఇక్కడ నేను చూస్తున్న తెర వేరు, అక్కడ నువ్వు చూస్తున్న తెర వేరు. అందుకే వరసగా రాసి పంపుతున్నాను. అత్తను పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి, టీవీ పక్కన పెట్టమను.

ముందు ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. మీ టీవీకి కెమెరా లేదు. నిన్ను మాకు చూపించేది నీ ఐఫోనే, నీ మాట మాకు వినిపించేదీ అదే. టీవీ చేసే పని మమ్మల్ని నీకు చూపించడం, మా మాట వినిపించడం. టీవీ కింద ఉన్న చిన్న నల్ల పెట్టె (దాని పేరు ఆపిల్ టీవీ) ఈ రెండింటినీ కలుపుతుంది. కాబట్టి ఎప్పుడు ఏది పని చేయకపోయినా టీవీని అనుమానించకు. తొంభై పాళ్లు తేడా ఫోన్ దగ్గరే ఉంటుంది.

ఇంకొకటి. ఇది వాట్సాప్ కాదు, ఫేస్‌టైమ్. ఆ పెట్టెలో వాట్సాప్ ఉండదు, వెతక్కు. నాకూ నాన్నకూ ఐఫోన్లు ఉన్నాయి కాబట్టి మా ఇద్దరికీ టీవీ నుంచి చేయవచ్చు. పిన్నిది ఆండ్రాయిడ్ ఫోన్. ఆవిడతో ఎప్పటిలాగే ఫోన్‌లో వాట్సాప్‌లోనే మాట్లాడు.

## 1. అత్త ఒక్కసారి చేసి పెట్టాల్సినవి

ఈ భాగం నీకు కాదు, అత్తకు. శనివారం తీరిక చూసుకుని చేయమను. ఇవి చేయకుండా నువ్వు మొదలుపెడితే మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది.

అత్తా, పెట్టె ఆపిల్ టీవీ 4కె రెండో తరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. అందులో tvOS 17 గానీ, ఆపైది గానీ ఉండాలి. నాయనమ్మ ఫోన్ ఐఫోన్ XR లేదా దాని తర్వాత వచ్చినదై, iOS 17 లేదా ఆపైది ఉండాలి. నువ్వు వాడి ఆవిడకు ఇచ్చిన ఫోన్ సరిపోతుంది, అప్‌డేట్ మాత్రం ఒకసారి చూడు.

- [ ] టీవీలో Settings > Users and Accounts (కొత్త అప్‌డేట్‌లో Profiles and Accounts) లోకి వెళ్లి నాయనమ్మను వేరే యూజర్‌గా చేర్చు. ఆవిడ ఫోన్‌లో ఉన్న ఆపిల్ అకౌంటే ఇక్కడా ఉండాలి.
- [ ] Settings > Remotes and Devices లో Clickpad అని ఉంటుంది. దాన్ని Click Only చేయి.
- [ ] ఫోన్‌లో Settings > General > AirPlay & Continuity తెరిచి Continuity Camera ఆన్‌లో ఉందో లేదో చూడు. పాత అప్‌డేట్‌లో ఉంటే అదే చోట AirPlay & Handoff అని కనిపిస్తుంది.
- [ ] ఫోన్, పెట్టె రెండూ ఒకే వైఫైలో ఉండాలి. గెస్ట్ వైఫైలో ఫోన్ ఉంటే పెట్టెకు అది కనిపించదు.
- [ ] ఫోన్‌లో బ్లూటూత్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచు.
- [ ] కాంటాక్టుల్లో నా పేరుకూ నాన్న పేరుకూ ఫొటోలు పెట్టు.
- [ ] ఫోన్‌ను అడ్డంగా నిలబెట్టే స్టాండ్, టీవీ దగ్గరికి చేరే చార్జింగ్ తీగ తెచ్చి పెట్టు.

వీటిలో Click Only ఎందుకంటే, ఆ రిమోట్ మీది గుండ్రటి బటన్ వేలు తగిలినా కదులుతుంది. నాయనమ్మ నొక్కుదామని వేలు ఆనించేలోపు తెర మీద గుర్తు పక్కకు జరిగిపోతుంది. "నేను నొక్కింది ఒకటి, వచ్చింది ఇంకొకటి" అని ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. ఇది మార్చాక నొక్కితేనే కదులుతుంది, తాకితే కదలదు.

యూజర్‌గా చేర్చకపోయినా కాల్ చేయవచ్చు. కానీ అప్పుడు ప్రతిసారీ Other అనేది ఎంచుకుని, టీవీ మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఆవిడకు రోజూ ఆ పని పెట్టకు.

## 2. రిమోట్‌లో నీకు కావలసిన బటన్లు

నాయనమ్మా, ఇక్కడి నుంచి నీకే. మీ ఇంట్లో రెండు రిమోట్లు ఉంటాయి. పొడుగ్గా, నల్లగా, నిండా అంకెలున్నది టీవీది. సన్నగా, వెండి రంగులో ఉన్నది పెట్టెది. నీకు కావలసింది వెండి రంగుదే.

దాని పైభాగంలో నల్లటి చక్రం ఉంటుంది. చక్రం అంచున పైన నొక్కితే తెర మీద గుర్తు పైకి వెళ్తుంది, కింద నొక్కితే కిందికి, పక్కన నొక్కితే పక్కకు. చక్రం మధ్యలో నొక్కితే "ఇదే కావాలి" అని చెప్పినట్టు. ఈ ఉత్తరంలో నేను "మధ్యలో నొక్కు" అని రాసిన ప్రతిసారీ దీన్నే అనుకో.

చక్రం కింద ఎడమవైపు < ఇలా బాణం మొనలా ఉన్న బటన్ వెనక్కి రావడానికి. దాని పక్కన, కుడివైపు, టీవీ బొమ్మ ఉన్న బటన్ మొదటి తెరకు తీసుకుపోతుంది. ఆ కిందే కుడివైపు పొడుగ్గా + − ఉన్నది సౌండ్‌కు.

రిమోట్ కుడి అంచున మైక్ బొమ్మతో ఒక బటన్ ఉంది. రిమోట్‌ను గట్టిగా పట్టుకుంటే బొటనవేలు దాని మీద పడి, తెర మీద ఏదో వెలిగి నువ్వు చెప్పేది వినడం మొదలుపెడుతుంది. కంగారు పడకు. వేలు తీసి < ఒకసారి నొక్కితే పోతుంది.

తెర మీద నువ్వు ఎక్కడున్నావో ఎలా తెలుస్తుందంటే, నువ్వున్న బొమ్మ మిగతావాటికన్నా కాస్త పెద్దదై ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అది చూడకుండా మధ్యలో నొక్కకు.

## 3. కూర్చునే చోటు, స్టాండ్ పెట్టే చోటు

స్టాండ్‌ను టీవీ బల్ల మీద, టీవీ ముందు మధ్యలో పెట్టు. మధ్యలో ఎందుకంటే, స్టాండ్ ఒక మూలన ఉంటే నువ్వు టీవీలో మా వైపు చూస్తున్నా, మాకు మాత్రం నువ్వు ఎటో చూస్తున్నట్టు కనిపిస్తుంది. తెర కింది భాగానికి మరీ అడ్డం రాకుండా చూసుకో.

నువ్వు ఆరేడు అడుగుల దూరంలో కూర్చో. ఆ పెద్ద సోఫా గోడకు ఆనించి చాలా వెనక ఉంది, అక్కడి నుంచి మాట్లాడితే నీ మాట ఫోన్‌కు సరిగ్గా అందదు. భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి ముందుకు లాక్కుంటే చాలు.

నీ వెనక కిటికీ ఉంటే దాని తెర మూసేయి. వెనక నుంచి ఎండ పడితే నీ మొహం నల్లగా, కిటికీ తెల్లగా కనిపిస్తాయి. పోయిన ఆదివారం నాన్న "అమ్మ చిక్కిపోయిందిరా" అని దిగులు పడింది ఆ వెలుతురు వల్లే. వెలుతురు నీ మొహం మీద పడాలి, వీపు మీద కాదు.

మొదలుపెట్టే ముందు చూసుకో:

- [ ] కళ్లజోడు పెట్టుకున్నావు
- [ ] ఫోన్ చేతిలో ఉంది (ఇంకా స్టాండ్‌లో పెట్టలేదు)
- [ ] ఫోన్ చార్జింగ్ సగానికి పైనే ఉంది, లేదా తీగ స్టాండ్ దగ్గర ఉంది
- [ ] ఫోన్ వెనక కెమెరా అద్దాలు చీర కొంగుతో ఒకసారి తుడిచావు
- [ ] వెండి రంగు రిమోట్ పక్కనే ఉంది

## 4. కాల్ మొదలుపెట్టడం

ఇక్కడ వరస ముఖ్యం. అందరూ ముందు ఫోన్‌ను స్టాండ్‌లో నిలబెట్టి, వచ్చి కూర్చుని, అప్పుడు రిమోట్ పట్టుకుంటారు. అలా చేస్తే నువ్వు మళ్లీ లేవాలి, ఎందుకంటే మధ్యలో ఫోన్ నీ అనుమతి అడుగుతుంది. కాబట్టి ముందు టీవీ, తర్వాత ఫోన్, చివర స్టాండ్.

మొదటిది. వెండి రిమోట్ చక్రం మధ్యలో నొక్కు. పెట్టె లేస్తుంది, టీవీ కూడా దానంతట అదే వెలుగుతుంది. టీవీ వెలగకపోతే నల్ల రిమోట్‌తో ఆన్ చేయి.

రెండోది. టీవీ బొమ్మ ఉన్న బటన్ నొక్కు. వరసలుగా రంగురంగుల బొమ్మలు వస్తాయి. అందులో ఆకుపచ్చ రంగులో, లోపల తెల్లటి వీడియో కెమెరా ఉన్నది FaceTime. అత్తతో దాన్ని పై వరసలో మొదటి చోట పెట్టించుకో, వెతుక్కునే పని ఉండదు. దాని మీదకు వెళ్లి మధ్యలో నొక్కు.

మూడోది. ఎవరు మాట్లాడుతున్నారని టీవీ అడుగుతుంది. అత్త పేరు, మామయ్య పేరు, నీ పేరు ఉంటాయి. నీ పేరు మీదకు వెళ్లి మధ్యలో నొక్కు. అన్నిటికన్నా ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే. తొందరలో అత్త పేరు నొక్కితే, టీవీ అత్త ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. ఆ ఫోన్ అత్తతో పాటు ఆఫీసులో ఉంటుంది. ఎంతసేపు కూర్చున్నా ఏమీ జరగదు. అలా అయితే < నొక్కి వెనక్కి వచ్చి, నీ పేరు ఎంచుకో.

నాలుగోది. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ చూడు. తెర తాళం పడి ఉంటే మొహం చూపించి తెరువు. టీవీకి నీ ఫోన్ కెమెరా వాడుకోవాలని ఉందని ఒక నోటీసు వస్తుంది. దాని మీద నొక్కి, సరే అని ఒప్పుకో. ఈ ఒక్క మెట్టు అత్త ఎదురుగా రెండు మూడుసార్లు చేసి చూడు. నోటీసు ఎలా ఉంటుందో కళ్లకు అలవాటైతే తర్వాత తడబడవు.

అయిదోది. ఇప్పుడు ఫోన్‌ను స్టాండ్‌లో పెట్టు, నిలువుగా కాదు, అడ్డంగా. ఫోన్ తెర టీవీ వైపు, వెనకున్న కెమెరా కళ్లు నీ వైపు ఉండాలి. ఇది అలవాటుకు విరుద్ధం. మామూలుగా వీడియో కాల్‌లో ఫోన్ తెర మన వైపే ఉంచుకుంటాం కదా, చేయి అటే తిప్పుతుంది. ఇక్కడ నువ్వు చూడాల్సింది టీవీని, ఫోన్‌ను కాదు. కూర్చున్న చోటి నుంచి నీకు ఫోన్ వీపు, దాని కెమెరా గుండ్రాలు కనిపిస్తుంటే సరిగ్గా పెట్టినట్టు.

ఫోన్ కవరు మూతలా తెరుచుకునే రకమైతే తీసేయి. ఆ మూత వెనక్కి మడిస్తే కెమెరాకు అడ్డం పడుతుంది.

ఆరోది. వచ్చి కుర్చీలో కూర్చో. టీవీలో నువ్వే కనిపిస్తావు. మాకు కాల్ వెళ్లకముందే నిన్ను నువ్వు చూసుకునే అవకాశం ఇది. తల మొత్తం, భుజాల దాకా కనిపిస్తోందా? మొహం వెలుతురులో ఉందా? లేకపోతే లేచి స్టాండ్‌ను కాస్త పైకో కిందికో వంచు. మాకు కాల్ కలిశాక సర్దుకోవడం కన్నా ఇప్పుడే సులువు.

ఏడోది. నువ్వు ఇదివరకు మాట్లాడినవాళ్ల పేర్లు తెర మీద వరసగా ఉంటాయి. నా ఫొటో ఉన్న పేరు మీదకు వెళ్లి మధ్యలో నొక్కు. రింగ్ టీవీలో వినిపిస్తుంది. నేను ఎత్తగానే నీ బొమ్మ చిన్నదై ఒక మూలకు వెళ్తుంది, నేను తెర నిండా వస్తాను.

## 5. మాట్లాడుతున్నప్పుడు

రిమోట్‌ను ఒడిలో పెట్టుకోకు. చీర కుచ్చిళ్లలో ఏ బటనో నొక్కుకుపోతుంది. పక్కనున్న బల్ల మీద పెట్టు. ఫోన్‌ను స్టాండ్ నుంచి తీయకు, దాని తెర తాకకు.

నా మాట నీకు వినిపించకపోతే రిమోట్ మీద + నొక్కు. కానీ సౌండ్ మరీ పెంచితే, టీవీలోంచి వచ్చే నా గొంతును నీ ఫోన్ పట్టుకుని మళ్లీ నాకే పంపుతుంది. నా మాట నాకే రెండోసారి వినిపిస్తే నేను "నాయనమ్మా, కాస్త తగ్గించు" అంటాను. అప్పుడు − రెండు మూడుసార్లు నొక్కు. నీకు సరిగ్గా వినపడక సౌండ్ పెంచాల్సి వస్తే, కుర్చీని టీవీకి దగ్గరగా జరుపుకోవడమే మంచి మార్గం.

నువ్వు లేచి వంటింట్లోకి వెళ్తుంటే, బొమ్మ నీ వెంటే కాస్త తిరుగుతుంది. దాన్ని సెంటర్ స్టేజ్ అంటారు, అత్త ఆన్ చేసి ఉంచితేనే వస్తుంది. కెమెరా చూపు దాటి వెళ్లిపోతే అదేం చేయలేదు. ఖాళీ కుర్చీయే కనిపిస్తుంది.

ఇంకో తమాషా ఉంది. కొన్ని ఫోన్లలో చేతి సైగలకు తెర మీద బొమ్మలు వస్తాయి. "రెండు కిలోలు కొన్నాం" అని రెండు వేళ్లు చూపించి కాసేపు అలాగే ఉంచావనుకో, నీ చుట్టూ బెలూన్లు ఎగురుతాయి. రెండు బొటనవేళ్లూ పైకెత్తితే బాణసంచా పేలుతుంది. టీవీ పాడవలేదు, నువ్వేం తప్పు నొక్కలేదు. విసుగనిపిస్తే అత్తను ఆ సైగల సంగతి ఆపేయమను. నా ఓటు మాత్రం ఉంచమనే.

## 6. కాల్ ముగించడం

రిమోట్ తీసి చక్రం మధ్యలో ఒకసారి నొక్కు. తెర మీద కొన్ని గుర్తులు వస్తాయి. అందులో ఎర్రగా ఉన్నదాని మీదకు వెళ్లి మధ్యలో నొక్కు. మేము మాయమైతే కాల్ ఆగినట్టే.

టీవీ ఆపేస్తే కాల్ ఆగిపోతుందని అనుకోవద్దు. ఎర్ర గుర్తు నొక్కే పద్ధతే పాటించు. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని తెర పైఅంచు చూడు. అక్కడ చిన్న పచ్చ చుక్క ఉంటే కెమెరా ఇంకా నడుస్తున్నట్టు. చుక్క లేకపోతే అంతా అయిపోయినట్టు. ఎప్పుడైనా చుక్క పోకపోతే, టీవీలో < నొక్కుతూ బొమ్మలున్న మొదటి తెర దాకా వచ్చేసి మళ్లీ చూడు.

## 7. ఎక్కడైనా ఆగిపోతే

టీవీ వెలిగింది గానీ తెర నల్లగా ఉంది, లేదా No Signal అని ఉంది. పిల్లలు రాత్రి వీడియో గేమ్ ఆడి అలాగే వదిలేసి ఉంటారు. నల్ల రిమోట్ మీద Source లేదా Input అని ఉన్న బటన్ నొక్కి, పెట్టె ఉన్న వరస ఎంచుకో. అది HDMI 1 దో 2 దో అత్తను ఈ కాగితం మీదే రాసివ్వమను.

ఫోన్‌కు నోటీసు రాలేదు. ఇదే వరసలో చూడు. టీవీలో ఎంచుకున్నది నీ పేరేనా? ఫోన్ తాళం తెరిచే ఉందా? ఫోన్ తెర కుడి పైమూల నుంచి వేలితో కిందికి లాగితే కొన్ని గుండ్రాలు వస్తాయి, అందులో విమానం బొమ్మ వెలిగి ఉంటే నొక్కి ఆపేయి. వైఫై గుర్తు, దాని దగ్గరి బ్లూటూత్ గుర్తు రెండూ నీలంగా ఉండాలి. అన్నీ సరిగ్గా ఉంటే టీవీలో < నొక్కి బయటికొచ్చి, FaceTime మళ్లీ తెరువు. అప్పటికీ రాకపోతే ఫోన్ పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి, మొదటి మెట్టు నుంచి రా.

టీవీలో నీకు బదులు టీవీయే కనిపిస్తోంది. ఫోన్ తిరగేసి పెట్టావు. కెమెరా అద్దాలు నీ వైపు తిప్పు.

నేను కనిపిస్తున్నాను గానీ నీ మాట నాకు రావడం లేదు. నేను చెవి దగ్గర చేయి పెట్టి చూపిస్తాను. ఫోన్ అడుగున ఉన్న చిన్న రంధ్రాలకు స్టాండ్ పట్టు అడ్డం పడిందేమో చూసి కాస్త జరుపు. కుర్చీ దగ్గరికి లాక్కో.

నేనే నీకు ఫోన్ చేశాను. అది ఫోన్‌లోనే మోగుతుంది. టీవీ వైపు పరుగెత్తకు. మామూలుగా ఎత్తి, "టీవీ నుంచి చేస్తాను, పెట్టేయి" అను. నేను పెట్టేస్తాను, నువ్వు తీరిగ్గా మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టు. కాల్‌ను మధ్యలో టీవీకి మార్చే దారి కూడా ఉంది, కానీ ఒక్క దారే చేతికి అలవాటు చేసుకుంటే మంచిదని నేను దాన్ని రాయడం లేదు.

ఒకటి మాత్రం చేయొద్దు. ఏదో ఆగిందని ఆ నల్ల పెట్టె వెనక తీగలు లాగకు. ఏ తీగ ఎక్కడిదో తర్వాత మామయ్య సాయంత్రమంతా వెతుక్కోవాలి. రెండుసార్లు ప్రయత్నించినా రాకపోతే ఆ రోజుకు ఫోన్‌లోనే మాట్లాడుకుందాం.

## 8. ఏ టైముకు చేయాలి

అత్తా మామయ్యా వెళ్లాక, నీ కాఫీ అయ్యాక, ఉదయం ఎనిమిదిన్నరకు చేయి. ఎండాకాలంలో అప్పుడు మాకు రాత్రి ఏడవుతుంది. నేను ఇంటికి వచ్చేసి ఉంటాను, నాన్న కూడా షాపు నుంచి వచ్చే వేళ.

కానీ అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు, మన దగ్గర మార్చరు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా నీ ఎనిమిదిన్నర మాకు రాత్రి ఎనిమిది. అప్పుడు కూడా నీ ఎనిమిదిన్నరే ఉంచుకో, మార్చుకోవాల్సింది మేము. ఫోన్‌లో టైము దానంతట అదే మారిపోతుంది. హాల్లో గోడ గడియారాన్ని మాత్రం ఎవరో ఒకరు తిప్పాలి, కాబట్టి ఆ రోజుల్లో ఫోన్‌లో టైమే చూడు.

ఈ శనివారం అత్త ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి నువ్వే మొదటి నుంచి చివరి దాకా చేయి. అత్తను చేయి వేయకుండా పక్కన కూర్చోమను. నాన్న, నేను ఏడింటికల్లా ఫోన్ దగ్గరే ఉంటాం. ఏ మెట్టు దగ్గర ఆగావో ఈ కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టు, ఆ మెట్టు మళ్లీ వివరంగా రాసి పంపుతాను.

నీ మనవడు
తెనాలి

తా.క. మామిడికాయ ముక్కలు నువ్వు చెప్పిన పాళ్లలోనే కలిపాం. టీవీలో చూపిస్తాం, ఊట సరిపోయిందో లేదో చూసి చెప్పు.